వైర్‌లెస్ మౌస్ కర్సర్ గెంతుతోందా, మధ్యలో ఆగిపోతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

## మౌస్ ఉన్నట్టుండి ఆగిపోతోంది. ముందు ఏం చూడాలి?

మౌస్‌లోని సెల్ తీసి మళ్లీ పెట్టే ముందు, కంప్యూటర్ యూఎస్‌బీ పోర్టుకి తగిలించిన చిన్న రిసీవర్ పీకే ముందు, కర్సర్ కదలకుండా ఉన్న ఆ కాసేపట్లోనే ఒక పని చేయండి. మౌస్ చక్రం తిప్పండి, ఒక క్లిక్ కొట్టండి. పేజీ కిందికి జరిగి, క్లిక్ కూడా పనిచేస్తూ కర్సర్ ఒక్కటే మొండికేసిందంటే మౌస్‌కీ కంప్యూటర్‌కీ మధ్య సంబంధం బాగానే ఉంది, సెల్‌లోనూ ఓపిక ఉంది. లోపం మౌస్ అడుగున ఉన్న సెన్సర్‌దో, అది చూస్తున్న ఉపరితలానిదో. చక్రం, క్లిక్, కదలిక మూడూ ఒకేసారి పోయాయంటే మాత్రం కథ సెల్ వైపో రిసీవర్ వైపో ఉంది. ఈ ఒక్క పరీక్షతో సగం అనుమానాలు పోతాయి, కానీ చాలామంది కంగారులో ముందే మౌస్ ఆఫ్ చేసి ఆన్ చేసేస్తారు, దాంతో ఆధారం కూడా పోతుంది.

ఆ తర్వాత గమనించాల్సింది ఇబ్బంది ఎక్కడ వస్తోంది, ఎప్పుడు వస్తోంది, పక్కన ఏం నడుస్తుంటే వస్తోంది అన్నది. చోటు మారితే పోయేది ఉపరితలం గొడవ. రోజులు గడిచేకొద్దీ పెరిగేది సెల్ గొడవ. ఏదో ఒక పరికరం నడిచినంతసేపే వచ్చి, అది ఆగగానే పోయేది సిగ్నల్ గొడవ. కింది జవాబులన్నీ ఈ మూడింటి చుట్టూనే ఉంటాయి.

## అసలు హ్యాంగ్ అవుతోంది మౌసా, కంప్యూటరా?

ల్యాప్‌టాప్ అయితే మౌస్ ఆగినప్పుడు టచ్‌ప్యాడ్ మీద వేలు జరపండి. కర్సర్ హాయిగా కదిలితే కంప్యూటర్ బాగుంది. అదీ కదలకపోతే మౌస్‌ను వదిలేసి `Ctrl+Shift+Esc` నొక్కి Task Manager తెరిచి డిస్కో, మెమరీయో నూరు శాతం దగ్గర కూర్చుందేమో చూడండి. డెస్క్‌టాప్ వాళ్లు ఎవరి దగ్గరైనా వైరున్న మౌస్ ఒకటి అడిగి తెచ్చుకుని రెండూ ఒకేసారి తగిలించుకుంటే సరి, కంప్యూటర్ రెండింటినీ ఒప్పుకుంటుంది. ఆ వైరు మౌస్ ఈ వెతుకులాట మొత్తంలో పనికొస్తుంది, ఇబ్బంది తేలేదాకా తిరిగి ఇచ్చేయకండి.

## మా టేబుల్ మీద కర్సర్ గెంతుతుంది, మంచం మీద దుప్పటి మీద పెడితే బాగుంటుంది. ఇదేంటి?

టేబుల్ పైన గాజు వేయించారా, లేక మెరిసే సన్‌మైకా, నునుపు చేసిన నల్ల గ్రానైటా? ఈ మూడూ మౌస్‌కి కష్టమే. మౌస్ అడుగున ఉన్న చిన్న లైటు ఉపరితలం మీద ఏటవాలుగా పడుతుంది, అక్కడి గరుకుదనం వల్ల ఏర్పడే నీడలను లోపలి సెన్సర్ సెకనుకు వెయ్యికి పైగా చిన్న చిన్న ఫొటోలు తీసి, ఒకదానితో ఒకటి పోల్చి, ఎటు ఎంత జరిగిందో లెక్క కడుతుంది. గాజు మీద నీడలే ఉండవు, లైటు లోపలికి దూరిపోతుంది లేదా అద్దంలా తిరిగి కొడుతుంది. పోల్చడానికి గుర్తు దొరకనప్పుడు సెన్సర్ కదలనట్టు చెప్పొచ్చు, లేదా తప్పు లెక్క కట్టి కర్సర్‌ను తెర అంచుకి విసిరేయొచ్చు. లైటు కంటికి కనిపించని మౌస్‌లూ ఉన్నాయి, వాటిలోనూ పద్ధతి దాదాపు ఇదే.

పరీక్ష తేలిక. మామూలు తెల్ల ఏ4 కాగితం టేబుల్‌కి టేపుతో అంటించి దాని మీద మౌస్‌ను మెల్లగా ఒకసారి, గబగబా ఒకసారి అడ్డంగా, నిలువుగా తిప్పండి. కాగితం మీద గెంతులు పూర్తిగా పోతే మౌస్ కొనక్కర్లేదు, గుడ్డ మౌస్‌ప్యాడ్ కొంటే చాలు. కాగితం మీద కూడా గెంతితే టేబుల్‌ను అనుమానించడం మానేయండి.

ఇంకో సంగతి, తూర్పు వైపు కిటికీ ఉన్న గదుల్లో పొద్దున్నే ఎండ నేరుగా టేబుల్ మీద పడుతుంటే, మౌస్‌ను కాస్త ఎత్తి జరిపినప్పుడల్లా ఆ వెలుతురు సెన్సర్ రంధ్రంలోకి దూరి కర్సర్ వణకొచ్చు. అరచేత్తో నీడ పట్టి చూస్తే తెలిసిపోతుంది.

## కాగితం మీద కూడా వణుకుతోంది, అదీ ఒకే వైపుకి లాగుతోంది.

తిరగేసి సెన్సర్ రంధ్రంలోకి ఫోన్ టార్చి వేసి చూడండి. ఒక్క వెంట్రుక, దుప్పటి నూలు పోగు, ఇంట్లో పెంపుడు కుక్క ఉంటే దాని బొచ్చు చాలు. ఆ పోగు మౌస్‌తోపాటే కదులుతుంది కాబట్టి సెన్సర్‌కి అది ఎప్పుడూ ఒకే చోట ఉన్నట్టు కనిపిస్తుంది, కింద టేబుల్ మాత్రం జరిగిపోతుంటుంది, దాంతో లెక్క చెడుతుంది. ఊదితే పోవచ్చు కానీ నోటి తడి లెన్స్ మీద పడుతుంది, అందుకని రబ్బరు బల్బు బ్లోవర్ కానీ పొడి ఇయర్‌బడ్ కానీ వాడండి. మరక ఉంటే ఇయర్‌బడ్ కొసకి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఒక చుక్క అద్ది తుడవండి. సూదితో, పిన్నుతో గీకకండి, లెన్స్ మీద గీత పడితే ఇక బాగుపడదు.

## సెల్ బలహీనపడిందని ఎలా తెలుస్తుంది?

సెల్ అయిపోతున్న మౌస్‌కి ఒక తీరు ఉంటుంది. పొద్దున్న ఆన్ చేయగానే బాగుంటుంది, కొంతసేపయ్యాక తడబడుతుంది, భోజనానికి లేచి వచ్చేసరికి మళ్లీ బాగుంటుంది. వాడకం ఆపినప్పుడు సెల్ కాస్త కోలుకుంటుంది కాబట్టి అలా జరుగుతుంది. రిసీవర్‌కి దగ్గరగా పెడితే పనిచేసి దూరం జరిపితే తడబడటం కూడా ఇందులో కనిపిస్తుంది, కానీ సిగ్నల్ గొడవలోనూ అదే జరుగుతుంది కాబట్టి ఆ ఒక్కదాన్నీ పట్టుకుని తేల్చేయకండి.

ఇంట్లో మల్టీమీటర్ ఉంటే డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి కొలవండి. కొత్త ఆల్కలైన్ పెన్సిల్ సెల్ 1.5 నుంచి 1.6 వోల్టులు చూపిస్తుంది. 1.2 దాకా పడిపోయిందంటే దాని పని అయిపోవచ్చినట్టే లెక్క. అయితే మీటరు కొలిచేది ఊరికే ఉన్న సెల్‌ని, మౌస్ సిగ్నల్ పంపే క్షణంలో ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగినప్పుడు అదే సెల్ ఇంకా కిందికి జారుతుంది. అందుకే మీటరు మీద 1.35 ఉండి కూడా మౌస్‌లో తడబడే సెల్లు ఉంటాయి, ముఖ్యంగా గోడ గడియారాలకు వాడే చౌక రకం కార్బన్ జింక్ సెల్లు. మౌస్‌లో ఆల్కలైనే వేయండి, సెల్ మీద ఆ మాట రాసి ఉంటుంది.

రీచార్జి సెల్ వేసేవాళ్లకి ఒక మాట. దాని మామూలు వోల్టేజీయే 1.2. మీటరు మీద అంతే చూపిస్తే అయిపోయినట్టు కాదు. కొన్ని మౌస్‌లు దాన్ని చూసి సెల్ తక్కువగా ఉందని ముందే హెచ్చరిక చూపిస్తాయి, పని మాత్రం చేస్తూనే ఉంటాయి.

మీటరు లేకపోతే విప్పని ప్యాకెట్లోంచి కొత్త సెల్ వేసి చూడటమే మార్గం. టీవీ రిమోట్లోంచి తీసిన సెల్‌తో పరీక్ష చేయకండి. రిమోట్‌కి సరిపోయిన సెల్ మౌస్‌కి సరిపోవాలని లేదు.

## సెల్‌ని నేల మీద వేస్తే ఎగిరితే అయిపోయినట్టు అంటారు, నిజమేనా?

సగమే నిజం. ఆల్కలైన్ సెల్ వాడేకొద్దీ లోపలి జింకు గట్టిపడి ఎగరడం పెరుగుతుంది. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2015లో దీన్ని పరీక్షించి చూస్తే, సెల్ సుమారు సగం అయ్యేసరికే ఎగరడం గరిష్ఠానికి చేరి అక్కడే ఆగిపోతుందని తేలింది. కాబట్టి ఎగిరిందంటే కొత్తది కాదని మాత్రమే అర్థం, ఇంకా సగం మిగిలి ఉండొచ్చు.

## సెల్ కొత్తదే, అయినా మౌస్‌ని కాస్త తడితే ఆగి, మళ్లీ తడితే వస్తుంది.

విశాఖలో, ముఖ్యంగా బీచ్ రోడ్డు, పెదజాలరిపేట, సాగర్‌నగర్ వైపు ఇళ్లలో ఇది మామూలే. ఉప్పు గాలి, తేమ కలిసి సెల్ గదిలోని స్ప్రింగు మీద, రేకు మీద సన్నని పొర కట్టిస్తాయి. చూడటానికి కాస్త నల్లబడినట్టో పచ్చబారినట్టో ఉంటుందంతే, కానీ ఆ పొర వల్ల కరెంటు సరిగా అందదు, సెల్ కదిలినప్పుడల్లా మౌస్ ఒక్క క్షణం ఆరిపోయి వెలుగుతుంది. సెల్ తీసేసి రేకు మీద పెన్సిల్ రబ్బరుతో రుద్దండి, స్ప్రింగు కొసను ఆల్కహాల్ అద్దిన ఇయర్‌బడ్‌తో తుడవండి, స్ప్రింగు నొక్కుకుపోయి ఉంటే వేలితో కొద్దిగా ముందుకు లాగండి.

తెల్లటి పొడి పేరుకుని ఉంటే అది సెల్ కారినట్టు. ఆల్కలైన్ సెల్ నుంచి కారేది క్షారం, అంటే చర్మానికీ కంటికీ మంచిది కాదు, గ్లవ్స్ వేసుకోండి. ఇయర్‌బడ్‌కి ఒక చుక్క నిమ్మరసమో వెనిగరో అద్ది ఆ పొడి మీద తాకిస్తే చిన్నగా నురగ రావచ్చు. తర్వాత తడి బడ్‌తో, ఆపైన పొడి బడ్‌తో తుడిచి పూర్తిగా ఆరాకే సెల్ వేయండి. స్ప్రింగు తుప్పుపట్టి విరిగిపోయే దశలో ఉంటే మాత్రం ఇంత శ్రమ దండగ. సెలవులకి ఊరెళ్లేటప్పుడు మౌస్‌లోంచి సెల్ తీసి పక్కన పెట్టే అలవాటు చేసుకుంటే ఈ కారడం అనే బాధే చాలావరకు ఉండదు.

## సెల్ కొత్తది, ప్యాడ్ కొత్తది, మౌస్ కూడా మార్చేశాం. అయినా ఆగుతోంది. ఇక మిగిలిందేంటి?

రిసీవర్ ఎక్కడ తగిలించారో చూడాలి. దీని గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే జనం డబ్బులు ఎక్కువ పోగొట్టుకునేది ఇక్కడే.

గాజువాకలో పెళ్లిళ్ల ఫొటోలు, వీడియోలు తీసే తెలిసినాయన ఒకరున్నారు. ఆయన ఇబ్బంది సాయంత్రాలు మాత్రమే వచ్చేది. "పొద్దున్నంతా బంగారంలా ఉంటాదండీ, రాత్రి ఎడిటింగుకి కూర్చుంటే చాలు, కర్సర్ ఈడ్చుకుంటూ ఈడ్చుకుంటూ వెళ్తాది" అనేవారు. సెల్లు మార్చారు, షాపువాళ్లు చెప్పారని కొత్త మౌస్ కొన్నారు, అదీ అలాగే. ఆఖరికి విండోస్ మళ్లీ వేయించుకోవడానికి కూడా సిద్ధపడ్డారు.

సాయంత్రం ఏం మారుతోందన్నదే అసలు ప్రశ్న. షూటింగ్ నుంచి వచ్చాక కెమెరా కార్డుల్లోని వీడియోలన్నీ ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ పెట్టి, అది నడుస్తుండగానే ఆయన ఎడిటింగ్ మొదలుపెడతారు. సీపీయూ టేబుల్ కింద ఉంటుంది. వెనక వైపు నీలం రంగు యూఎస్‌బీ పోర్టులు రెండు ఒకదాని మీద ఒకటి, పైదాంట్లో హార్డ్ డిస్క్ కేబుల్, కిందిదాంట్లో మౌస్ రిసీవర్, రెంటికీ మధ్య వేలు పట్టేంత సందు కూడా లేదు.

ముందు కాపీ వల్ల కంప్యూటరే మందగిస్తోందేమోనన్న అనుమానం తీర్చుకోవాలి. కాపీ నడుస్తుండగా వైరున్న మౌస్ తగిలించి తిప్పితే కర్సర్ వెన్నలా జారింది, పక్కనే వైర్‌లెస్ మౌస్ తిప్పితే ఈడ్చుకుంది. అంటే కంప్యూటర్ తప్పు కాదు. తర్వాత కాపీని పాజ్ చేస్తే వైర్‌లెస్ మౌస్ ఆ క్షణమే బాగయ్యింది, మళ్లీ మొదలుపెడితే మళ్లీ ఈడ్చుకుంది. ఇక సందేహం లేదు. రిసీవర్‌ని సీపీయూ ముందు వైపున్న నల్ల పోర్టుకి మారిస్తే చాలావరకు తగ్గింది కానీ అప్పుడప్పుడు చిన్న కుదుపు మిగిలింది, ఎందుకంటే టేబుల్ ఇనప రేకుది, రిసీవర్ ఇంకా దాని కిందే ఉంది. ఒక మీటరు యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ వేసి రిసీవర్‌ని టేబుల్ పైకి తెచ్చి మౌస్‌ప్యాడ్‌కి జానెడు దూరంలో పెట్టాక కాపీ ఎంతసేపు నడిచినా కర్సర్ ఆగలేదు. కొత్త మౌస్ అనవసరంగా కొన్నట్టయింది.

## హార్డ్ డిస్క్‌కీ మౌస్‌కీ ఏంటి సంబంధం?

వైర్‌లెస్ మౌస్ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో మాట్లాడుతుంది. యూఎస్‌బీ 3.0 కేబుల్లో డేటా సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో వెళ్తుంది. ఆ వేగంతో వెళ్లేటప్పుడు పుట్టే రేడియో రొద చాలా వెడల్పుగా పరుచుకుని ఈ 2.4 ప్రాంతాన్ని కూడా కప్పేస్తుంది. ఇంటెల్ సంస్థ 2012లో ఇదే విషయం మీద ఒక పత్రం విడుదల చేసింది, 2.4 గిగాహెర్ట్జ్ పరికరాల మీద యూఎస్‌బీ 3.0 రొద ప్రభావం గురించి. రొద ముఖ్యంగా ప్లగ్గు దగ్గర, కేబుల్ దగ్గర, పరికరం దగ్గర బయటపడుతుంది. రొద ఉన్నది మౌస్ వాడే ఆ 2.4 ప్రాంతంలోనే కాబట్టి రిసీవర్ దాన్ని వడకట్టి పారేయలేదు. డీజే బాక్సు పక్కన నిలబడి చెవిలో మెల్లగా మాట్లాడినట్టే, మాట ఆగలేదు, వినపడలేదంతే. ఇక్కడ మంచి విషయం ఏంటంటే దూరంతో ఆ రొద గబగబా తగ్గిపోతుంది. అందుకే కొద్దిపాటి ఎక్స్‌టెన్షన్ అంత మార్పు తెస్తుంది.

## అంటే నీలం పోర్టులో రిసీవర్ పెట్టకూడదా?

పోర్టు రంగు దోషం కాదు. నీలం పోర్టులో రిసీవర్ ఒక్కటే ఉండి పక్కన వేగమైన పరికరం ఏదీ నడవకపోతే ఏ ఇబ్బందీ ఉండదు, రిసీవర్ ఎలాగూ పాత వేగంతోనే పనిచేస్తుంది. పక్కన పెన్‌డ్రైవ్, హార్డ్ డిస్క్, టైప్‌ సి హబ్బు లాంటివి డేటా పంపుతున్నప్పుడే తంటా. అన్ని కంపెనీలూ నీలం రంగు వాడవు కూడా, కొన్నింటి మీద `SS` అని మాత్రమే ఉంటుంది. ల్యాప్‌టాప్ అయితే హార్డ్ డిస్క్ ఒక పక్క, రిసీవర్ అవతలి పక్క పెట్టండి. ఒకే హబ్బుకి రెండూ తగిలించడం అన్నిటికంటే చెడ్డ అమరిక.

ఎక్స్‌టెన్షన్ కొనేటప్పుడు ద్వారకానగర్ షాపుల్లో 3.0 కేబుల్ ఖరీదైనది చూపిస్తే మొహమాటపడకండి, మౌస్‌కి మామూలు 2.0 ఎక్స్‌టెన్షనే కావాలి, మీటరు నుంచి మీటరున్నర పొడవు చాలు.

## వైఫై రౌటర్ టేబుల్ మీదే ఉంది. అది కూడా అడ్డమేనా?

అడ్డం కావచ్చు. వైఫై కూడా 2.4లో నడుస్తుంది. పెద్ద డౌన్‌లోడ్ పెట్టి చూడండి, అప్పుడే మౌస్ తడబడితే రౌటర్‌ని ఒకటి రెండు మీటర్లు దూరం జరపండి, ల్యాప్‌టాప్‌ని రౌటర్ చూపించే 5 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కి కలపండి. అపార్ట్‌మెంట్లలో పక్క ఫ్లాట్ల వైఫైలు పదీ పదిహేను కనిపిస్తుంటాయి, వాటిని మనం ఆపలేం, మన రిసీవర్‌ని మౌస్‌కి దగ్గర చేయడం ఒక్కటే మన చేతిలో ఉంది. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ కూడా ఇదే ప్రాంతంలో పనిచేస్తుంది, గోడ అవతలే టేబుల్ ఉంటే అన్నం వేడిచేసిన ఆ రెండు నిమిషాలూ కర్సర్ కుదుపులు రావచ్చు, దానికి చేయాల్సిందేం లేదు.

## నాది బ్లూటూత్ మౌస్, రిసీవర్ లేదు.

ఎక్స్‌టెన్షన్ దారి మీకు లేదు, మిగతావన్నీ వర్తిస్తాయి. చాలా ల్యాప్‌టాప్‌లలో వైఫై, బ్లూటూత్ రెండూ ఒకే కార్డు మీద ఉంటాయి కాబట్టి వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కి మార్చడం మీకు ఇంకా ఎక్కువ పనిచేస్తుంది. హార్డ్ డిస్క్ కేబుల్‌ని ల్యాప్‌టాప్ తెరకి, అంచులకి ఆనకుండా పక్కకి జరపండి.

## కాసేపు వదిలేసి మళ్లీ ముట్టుకుంటే మొదట ఒక క్షణం కదలదు.

సెల్ ఆదా కోసం మౌస్ నిద్రపోతుంది, కదిపితే లేస్తుంది. ఆ ఒక్క క్షణం లోపం కాదు. క్లిక్ చేస్తే తప్ప లేవకపోయినా కొన్ని రకాల్లో అది మామూలే. కానీ లేవడానికి సెకన్ల కొద్దీ పడుతోంది, లేదా రిసీవర్ పీకి పెడితేనే వస్తోంది అంటే విండోస్ ఆ పోర్టుకి కరెంటు ఆపుతుండొచ్చు. Device Manager తెరిచి, Universal Serial Bus controllers కింద ఉన్న USB Root Hub మీద డబుల్ క్లిక్ చేసి, Power Management లో Allow the computer to turn off this device to save power దగ్గర టిక్ తీసేయండి. అలాంటివి రెండు మూడు ఉంటే అన్నిటికీ తీసేయండి. ల్యాప్‌టాప్ బ్యాటరీ కొంచెం త్వరగా తగ్గుతుంది.

## టైప్ చేస్తుంటే కర్సర్ ఎగిరి వేరే లైన్లో పడుతోంది. మౌస్ కొత్తదే.

మౌస్ అడుగున ఉన్న స్విచ్ ఆఫ్ చేసి టైప్ చేసి చూడండి. అప్పుడూ ఎగిరితే పాపం మౌస్ తప్పేమీ లేదు, మీ బొటనవేలి మొదలు టచ్‌ప్యాడ్‌కి తగులుతోంది. మే నెల విశాఖ ఉక్కపోతలో చేతులు చెమర్చి ఇది ఇంకా ఎక్కువవుతుంది. టచ్‌ప్యాడ్ పొడి గుడ్డతో తుడిచి, విండోస్ Settings లో టచ్‌ప్యాడ్ విభాగంలోకి వెళ్లి Leave touchpad on when a mouse is connected దగ్గర టిక్ తీసేస్తే మౌస్ కలిసి ఉన్నంతసేపు టచ్‌ప్యాడ్ నోరు మూసుకుంటుంది. ఈ టిక్ తీస్తే మౌస్ ఆగినప్పుడు టచ్‌ప్యాడ్‌తో చేసే పైన చెప్పిన పరీక్ష కుదరదు, ముందు అది పూర్తి చేసుకోండి.

## ఇక కొత్త మౌస్ కొనాల్సిందే అని ఎప్పుడు అనుకోవాలి?

విప్పని ప్యాకెట్లోని ఆల్కలైన్ సెల్, శుభ్రం చేసిన రేకులు, తెల్ల కాగితం, ఎక్స్‌టెన్షన్ మీద జానెడు దూరంలో రిసీవర్, ఇవన్నీ ఒకేసారి పెట్టి, అదే మౌస్‌ని వేరే కంప్యూటర్‌కి తగిలించినా తడబడితే అప్పుడు అనుకోండి. వేరే కంప్యూటర్లో బాగుంటే మీ కంప్యూటర్ చుట్టూనే వెతకాలి. రిసీవర్ పోయి మౌస్ మాత్రం బాగుంటే పారేసే ముందు అడుగున గుర్తులు చూడండి. లాజిటెక్ యూనిఫయింగ్ రకం మౌస్ మీద నారింజ రంగు నక్షత్రం లాంటి గుర్తు ఉంటుంది, దానికి అదే గుర్తున్న వేరే రిసీవర్ కొని జత చేసుకోవచ్చు. చౌక రకం మౌస్‌లలో చాలావాటికి ఆ వీలు లేదు, రిసీవర్ పోతే మౌస్ కూడా పోయినట్టే, అందుకే సెల్ గదిలో దానికోసం ఇచ్చిన చిన్న గూట్లోనే పెట్టి బ్యాగులో వేసుకోండి.